డేటా పుట్టకముందే పేపర్ దిద్దడం

రివ్యూ కోసం వచ్చిన ఆ పరిశోధన పత్రంలో క్రియలన్నీ భవిష్యత్ కాలంలోనే ఉంటాయి. ఇంతమందిని పిలుస్తాం, ఇలా కొలుస్తాం, ఈ లెక్క వేస్తాం. పరిచయం ఉంటుంది, పద్ధతి ఉంటుంది. ఫలితాలు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. ప్రయోగం ఇంకా మొదలే కాలేదు మరి. అయినా ఈ పత్రం అచ్చుకు అర్హమా కాదా అన్నది రివ్యూయర్ ఇప్పుడే చెప్పాలి. ‘అర్హమే’ అని ఎడిటర్ ఒప్పుకుంటే, రేపు ఫలితం ఎటు తిరిగినా పత్రిక దాన్ని అచ్చు వేయాల్సిందే.

ఈ పద్ధతి పేరు రిజిస్టర్డ్ రిపోర్ట్. కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్ చాంబర్స్ 2013లో ‘కార్టెక్స్’ అనే పత్రికలో దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు 300కు పైగా పత్రికలు ఇలాంటి పత్రాలు తీసుకుంటున్నాయి. అయితే ఆలోచన అంతకంటే పాతది. 1970ల్లోనే మార్టిన్ జాన్సన్ అనే సంపాదకుడు తన పత్రికలో ఫలితాలు చూడకుండా ప్రణాళికను బట్టే పత్రాలను ఎంపిక చేసే ఏర్పాటు చేశారు. అది అతీంద్రియ శక్తుల మీద పరిశోధనలు వేసే పత్రిక. ఎవరూ నమ్మని రంగంలో ఉన్నవాళ్లకే ఈ అవసరం ముందుగా తట్టడంలో వింతేమీ లేదు.

రిజిస్టర్డ్ రిపోర్ట్ అనగానే చాలామంది ‘ప్రీరిజిస్ట్రేషన్ అంటే అదేగా’ అంటారు. కాదు. రెండింటిలోనూ ప్రణాళిక ముందే రాసిపెడతారన్నది నిజమే. కానీ ఆ ప్రణాళికను ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు, చదివాక ఎవరెవరు మాటకు కట్టుబడతారు అన్న దగ్గర దారులు విడిపోతాయి.

ప్రీరిజిస్ట్రేషన్ సంగతి ముందు చూద్దాం. పరిశోధకుడు తన ప్రశ్న, పద్ధతి, లెక్కించే తీరు రాసి, తేదీ ముద్ర పడే ఒక రిజిస్ట్రీలో దాఖలు చేస్తాడు. ఆ తర్వాత ప్రయోగం చేసుకుంటాడు. పందెం ముగిశాక ‘నేను కాసింది గెలిచిన పుంజు మీదే’ అనే వీలు లేకుండా చేయడమే దీని ఉద్దేశం. మందుల పరీక్షల్లో ఇది ఎప్పుడో తప్పనిసరి అయింది. అమెరికాలో 2000లో ప్రభుత్వ రిజిస్ట్రీ వచ్చింది. నమోదు లేని ట్రయల్స్‌ను ప్రచురించబోమని పెద్ద వైద్య పత్రికల సంపాదకులు 2004లో ప్రకటించారు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి ఔషధ నియంత్రణ అధికారులు దాన్ని తప్పనిసరి చేశారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక ఆసుపత్రి కొత్త మందును రోగుల మీద పరీక్షించాలంటే ముందు అందులో నమోదు కావాలి.

నమోదు వల్ల మేలు జరిగింది, సందేహం లేదు. కానీ నమోదు చేసిన కాగితాన్ని తర్వాత తెరిచి చూసేదెవరు? ఆక్స్‌ఫర్డ్‌లో బెన్ గోల్డాకర్ బృందం ఆ పని చేసింది. అయిదు అగ్రశ్రేణి వైద్య పత్రికల్లో వచ్చిన 67 ట్రయల్స్‌ను తీసుకుని, ముందు ఏం కొలుస్తామన్నారు, చివరికి ఏం చెప్పారు అని పక్కపక్కన పెట్టి చూసింది. చెప్పినవి చెప్పినట్టు నివేదించినవి తొమ్మిదే. ముందు ప్రకటించిన 354 కొలమానాలు పత్రాల్లో కనిపించలేదు. ముందు ఊసే లేని 357 కొలమానాలు, కొత్తవన్న మాట చెప్పకుండానే వచ్చి చేరాయి. రిజిస్ట్రీ బహిరంగంగానే ఉంది. పత్రికల రివ్యూయర్లకూ అందుబాటులోనే ఉంది.

ఇంకా ఇబ్బందికరమైన ఉదాహరణ 2023లో వచ్చింది. సాంఘిక, ప్రవర్తనా శాస్త్రాల్లో కొత్తగా కనుగొన్న ఫలితాలను కూడా, ప్రీరిజిస్ట్రేషన్ వంటి జాగ్రత్తలు పాటిస్తే, మళ్లీ మళ్లీ రాబట్టవచ్చని చెప్పే ఒక పెద్ద పత్రం ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’లో అచ్చయింది. రాసినవాళ్లలో ఈ సంస్కరణల ఉద్యమానికి ముందు నిలిచినవాళ్లే ఉన్నారు. విశ్లేషణలు ప్రీరిజిస్టర్ చేశామని పత్రం చెప్పింది. జో బాక్-కోల్మన్, బెర్నా డెవెజెర్ అనే ఇద్దరు పరిశోధకులు పాత దాఖలాలు తీసి చూస్తే, పత్రం శీర్షికలో ఉన్న ప్రధాన వాదనకు ఆధారమైన లెక్కలు వాటిలో దొరకలేదు. 2024 సెప్టెంబరులో పత్రిక దాన్ని ఉపసంహరించింది. డేటా తెలిసిన తర్వాత కొలమానాలను ఎంచుకున్నారన్నది ఉపసంహరణకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఇందులో మోసం ఉందా, అజాగ్రత్తా అన్న చర్చ వేరు. ‘ప్రీరిజిస్టర్డ్’ అన్న ముద్ర చూసి అందరూ ముందుకు కదిలారు, ముద్ర కింద ఏముందో డేటా రాకముందు బయటివాళ్లెవరూ చదవలేదు. ప్రీరిజిస్ట్రేషన్‌లో ఆ చదివే అంచె లేనే లేదు.

రిజిస్టర్డ్ రిపోర్ట్ ఆ అంచెనే కలుపుతుంది. రచయితలు ప్రణాళికను పత్రికకే పంపుతారు. ఇది మొదటి దశ. నిపుణులు చదివి ప్రశ్నలు వేస్తారు, మార్చమంటారు. ఒక్కోసారి రెండు మూడు విడతలు నడుస్తుంది. కుదిరాక ఎడిటర్ సూత్రప్రాయ ఆమోదం ఇస్తారు. అప్పుడే డేటా సేకరణ మొదలవుతుంది. అది ముగిశాక ఫలితాలు, చర్చ జోడించి మళ్లీ పంపడం రెండో దశ.

మొదటి దశ రివ్యూయర్ నిజంగా ఏం చూస్తాడో తెలియాలంటే ఒక ప్రయోగాన్ని ముందు పెట్టుకోవాలి. మనస్తత్వ శాస్త్రంలో పేరుమోసిన పెన్ను ప్రయోగం ఇందుకు బాగా సరిపోతుంది.

1988లో ఫ్రిట్జ్ స్ట్రాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 92 మందిని పెన్ను పట్టుకోమన్నారు. కొందరు పళ్ల మధ్య, కొందరు పెదాలతో, కొందరు చేత్తో. పళ్లతో పట్టుకుంటే తెలియకుండానే ముఖం నవ్వు రూపంలోకి వస్తుంది. పెదాలతో పట్టుకుంటే మూతి ముడుచుకుంటుంది. అలా పట్టుకునే కార్టూన్లు చూసి, ఎంత నవ్వు తెప్పించాయో 0 నుంచి 9 వరకు మార్కులు వేయమన్నారు. అసలు ఉద్దేశం చెప్పలేదు. చేతులు వాడలేనివాళ్లు పనులు ఎలా చేసుకుంటారో చూస్తున్నామని నమ్మించారు. పళ్లతో పట్టుకున్నవాళ్ల సగటు 5.14, పెదాలతో పట్టుకున్నవాళ్లది 4.32. సంతోషం వస్తే నవ్వడమే కాదు, ముఖం నవ్వితే సంతోషమూ వస్తుందన్న వాదానికి ఇది పాఠ్యపుస్తకాల ఉదాహరణ అయిపోయింది.

దీన్ని మళ్లీ చేసి చూస్తామని ఎవరైనా ప్రణాళిక పంపారనుకుందాం. రివ్యూయర్ మొదట అడగాల్సింది: ఏ ఫలితం వస్తే మీరు ఓడిపోయినట్టు? ప్రణాళికల్లో తరచూ ‘పళ్ల గుంపు సగటు ఎక్కువగా ఉంటుందని ఊహిస్తున్నాం’ అని మాత్రమే ఉంటుంది. తేడా 0.1 వస్తే? ఒక కార్టూన్‌కు వచ్చి మిగతావాటికి రాకపోతే? ఏ తేడా వస్తే వాదం నిలిచినట్టు, ఏది వస్తే పడిపోయినట్టు, ఏది వస్తే ఏమీ తేలనట్టు అన్నది ప్రతి ప్రశ్నకూ ఒక పట్టికలో రాయమని కొన్ని వేదికలు అడుగుతాయి. ఆ పట్టిక నింపడానికి కూర్చున్నప్పుడే చాలామంది రచయితలకు తమ సిద్ధాంతం ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది.

రెండో ప్రశ్న, ఎంతమంది? రెండు గుంపుల మధ్య తేడా మధ్యస్థంగా ఉంటుందనుకుంటే, ఉన్న తేడాను నూటికి 80 సార్లు పట్టుకోవడానికి గుంపుకు 64 మంది చాలు. చాలా ప్రయోగాలు అక్కడే ఆగుతాయి. అంటే నిజంగా ఉన్న తేడా అయిదింట ఒకసారి చేజారిపోతుంది. రిజిస్టర్డ్ రిపోర్టుల్లో అది కుదరదు. తేడా కనిపించకపోయినా అచ్చు వేస్తామని మాట ఇచ్చారు కాబట్టి, ‘కనిపించలేదు’ అన్న మాటకు బరువుండాలి. అందుకే కొన్ని పత్రికలు నూటికి 95 సార్లు పట్టుకునే శక్తి కావాలంటాయి. అప్పుడు గుంపుకు 105 మంది. తేడా చిన్నదనుకుంటే అదే లెక్క 651 మందికి చేరుతుంది. ఏ చిన్న తేడా దగ్గర గీత గీయాలి, దానికంటే చిన్నదైతే ఎందుకు పట్టించుకోనక్కర్లేదు అన్నది గణాంకాలు చెప్పవు. ఆ రంగం తెలిసిన రచయిత చెప్పాలి, రివ్యూయర్ ఒప్పుకోవాలి.

మూడోది ఎవరిని లెక్కలోంచి తీసేస్తారన్నది. పెన్ను జారిపోయినవాళ్లు, ప్రయోగం గుట్టు ఊహించినవాళ్లు, కార్టూన్ అర్థం కానివాళ్లు ఉంటారు. మార్కులు మరీ దూరంగా వేసినవాళ్లూ ఉంటారు. ఈ నలుగురు రకాలవాళ్లలో ఒక్కో రకాన్ని ఉంచడమో తీసేయడమో రచయిత చేతిలో ఉంటే, ఒకే డేటా నుంచి 16 రకాల విశ్లేషణలు తయారవుతాయి. లేని తేడా ఏదో ఒకదానిలో ఉన్నట్టు కనిపించే అవకాశం పెరుగుతుంది. ‘సరిగా పాటించనివారిని తొలగిస్తాం’ అని రాస్తే ప్రీరిజిస్ట్రేషన్ కింద నడిచిపోతుంది. మొదటి దశ రివ్యూయర్ దగ్గర నడవదు. నాలుగు కార్టూన్లలో ఎన్నింటికి పెన్ను జారితే తొలగిస్తారు? అది ఎవరు చూసి చెబుతారు? మార్కులు తెలిసినవాళ్లా, తెలియనివాళ్లా? ఇవన్నీ రాతలో పడేదాకా పత్రం ముందుకు కదలదు.

నాలుగో ప్రశ్న కొత్త రివ్యూయర్లు ఎక్కువగా మర్చిపోయేది. కార్టూన్లు అసలు నవ్వు తెప్పించకపోతే అందరూ సున్నా దగ్గరే మార్కులు వేస్తారు. మరీ బాగుంటే అందరూ తొమ్మిది. రెండు సందర్భాల్లోనూ పెన్ను పని చేసినా మార్కుల్లో కనిపించదు. అప్పుడు ‘తేడా లేదు’ అన్న ఫలితం ముఖం గురించి ఏమీ చెప్పదు, కార్టూన్ల గురించే చెబుతుంది. కాబట్టి ప్రధాన ఫలితంతో సంబంధం లేకుండా, కొలత పనిచేసిందో లేదో చెప్పే పరీక్షలు ప్రణాళికలోనే ఉండాలి. రెండో దశలో పత్రాన్ని తిరస్కరించడానికి ఉండే కొద్ది కారణాల్లో ఈ పరీక్షలు తప్పడం ఒకటి. మొదటి దశలో వీటిని అడగని రివ్యూయర్‌కు తర్వాత అడిగే హక్కు దాదాపు ఉండదు.

ఈ నాలుగూ మామూలు రివ్యూలోనూ అడిగే ప్రశ్నలే. తేడా అడిగే సమయంలో ఉంది. ప్రయోగం ముగిశాక గణాంక నిపుణుణ్ణి పిలవడం శవపరీక్షకు పిలవడమేనని రొనాల్డ్ ఫిషర్ 1938లో మొదటి భారత గణాంక సభలో అన్నారు. మందిని పెంచమన్నా, కార్టూన్ మార్చమన్నా డేటా లేనప్పుడే పనికొస్తుంది. తర్వాత చెప్పే సలహా పత్రం చివర ‘పరిమితులు’ అనే పేరాలోకి పోతుంది.

పెన్ను ప్రయోగం నిజంగానే ఇలా జరిగింది. రిజిస్టర్డ్ రిపోర్టుకు దగ్గరి బంధువైన ఒక పద్ధతిలో, ముందే నిపుణులు దిద్దిన ఒకే ప్రణాళికను 17 ప్రయోగశాలలు అమలు చేశాయి. ఎరిక్-యాన్ వాగెన్‌మేకర్స్ నాయకత్వంలో 2016లో ఫలితం వచ్చింది. మొత్తం 1,894 మంది. 1988లో 0.82 ఉన్న తేడా ఇక్కడ 0.03.

వివాదం అక్కడ మొదలైంది. పాత ప్రయోగంలో లేని వీడియో కెమెరా కొత్తదానిలో ఉంది. పెన్ను సరిగా పట్టుకున్నారో లేదో తర్వాత చూసి తేల్చడానికి పెట్టారు. ఇది మూడో ప్రశ్నకు చక్కటి జవాబే. కానీ కెమెరా ఎదురుగా ఉంటే మనిషి తన లోపలి అనుభూతిని వదిలి, బయటికి ఎలా కనిపిస్తున్నానా అని చూసుకుంటాడని, అందుకే ప్రభావం కనిపించలేదని స్ట్రాక్ అభ్యంతరం చెప్పారు. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు కెమెరాతో ఒకసారి, లేకుండా ఒకసారి చేసి చూశారు. కెమెరా లేనప్పుడు ప్రభావం కనిపించింది, ఉన్నప్పుడు లేదు. అయితే ఆ రెండు స్థితుల మధ్య తేడా గణాంకపరంగా అంచు మీదే ఉంది. అంటే అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం, గట్టిగా ఒప్పుకోనూ లేం.

ఈ కెమెరా ఉదంతంలో మొదటి దశ రివ్యూ బలమూ ఉంది, హద్దూ ఉంది. రివ్యూయర్లు కాగితం మీద ఉన్నదాన్నే దిద్దగలరు. ఎవరికీ తట్టని లోపాన్ని పట్టుకోలేరు. తప్పు పట్టకుండా ఉండటానికి పెట్టిన జాగ్రత్తే కొత్త తప్పుకు దారి కావచ్చు. మరోవైపు, ఫలితం చూశాక దొరికిన అభ్యంతరానికి, చూడకముందు చెప్పిన అభ్యంతరానికి ఒకే విలువ ఉండదు. ప్రీరిజిస్ట్రేషన్ రచయిత చేతులు మాత్రమే కడుతుంది. రిజిస్టర్డ్ రిపోర్ట్ విమర్శకుడి చేతులూ కడుతుంది. కెమెరా పాడుచేస్తుందని మొదటి దశలోనే ఎవరైనా రాసి ఉంటే రచయితలు దాన్ని తీసేయవచ్చు, లేదా సగం మందికి పెట్టి సగం మందికి తీసి చూడవచ్చు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే, అయినా దీని గురించి తక్కువ మాట్లాడతారు.

రెండో దశలో రివ్యూయర్ పని చిన్నది, కానీ ఓపిక కావాలి. ఆమోదించిన ప్రణాళికను, చివరి పత్రాన్ని పక్కపక్కన పెట్టుకోవాలి. పరిచయం, పద్ధతి ‘చేస్తాం’ నుంచి ‘చేశాం’కి మారి ఉండాలి, అంతే. పరిచయంలో కొత్త సిద్ధాంతం వచ్చి కూర్చుంటే అనుమానించాలి. ఫలితం చూశాక కథ మార్చారన్నమాట. దారి తప్పాల్సి వస్తే, యంత్రం పాడైనా, మందిని పిలవడం కుదరకపోయినా, రచయితలు ఎడిటర్‌కు అప్పుడే చెప్పి ఉండాలి. డేటాలో అనుకోకుండా ఆసక్తికరమైనది కనిపిస్తే రాయవచ్చు, ఏ నిషేధమూ లేదు. వేరే శీర్షిక కింద, ఇది ముందు అనుకున్నది కాదని చెప్పి రాయాలి. ‘ఫలితం పేలవంగా ఉంది’, ‘ఇందులో కొత్తేముంది’ అనడానికి మాత్రం రివ్యూయర్‌కు వీల్లేదు. ఆ మాట అనే సమయం దాటిపోయింది.

పెన్ను కథకు కొనసాగింపు 2022లో వచ్చింది. నికొలస్ కోల్స్ ఈసారి ఆ వాదాన్ని నమ్మేవాళ్లను, నమ్మనివాళ్లను ఒకే బృందంలో కూర్చోబెట్టారు. ఏ పరీక్ష పెడితే ఇద్దరూ ఫలితాన్ని ఒప్పుకుంటారో ముందే తేల్చుకుని, దాన్ని రిజిస్టర్డ్ రిపోర్టుగా పంపారు. 19 దేశాల్లో 3,878 మంది పాల్గొన్నారు. ముఖాన్ని నవ్వు రూపంలోకి తేవడానికి మూడు దారులు పెట్టారు: ఫొటోలోని నటుడి ముఖాన్ని అనుకరించడం, పెదాల చివరలను చెవుల వైపు లాగమని చెప్పడం, పెన్ను. మొదటి రెండింటిలో సంతోషం కొద్దిగా పెరిగింది. పెన్ను దగ్గర స్పష్టంగా ఏదీ తేలలేదు.

ఇలాంటి పత్రాలు పోగుపడ్డాక మొత్తం ఎలా ఉందో 2021లో ఆన్ షీల్, డానియెల్ లాకెన్స్ తదితరులు చూశారు. మామూలు మనస్తత్వ శాస్త్ర పత్రాలు 152 తీస్తే, వాటిలో నూటికి 96 తమ మొదటి ఊహ నిజమైందన్నాయి. 71 రిజిస్టర్డ్ రిపోర్టుల్లో అలా అన్నవి 44 శాతమే. దీన్ని చూసి మిగతా సగం పత్రాలు అబద్ధాలని లెక్క కట్టకూడదు. పాత ఫలితాలను అనుమానించి మళ్లీ చేసేవాళ్లు ఈ దారి ఎక్కువగా ఎంచుకుంటారు. వాళ్ల ఊహలే ముందు నుంచి బలహీనమైనవి కావచ్చు. అయినా శాస్త్రవేత్తల ఊహలు నూటికి 96 సార్లు నిజమవుతాయని నమ్మడం కంటే 44ను నమ్మడం తేలిక.

ఖర్చు ఎక్కడ పడుతుందంటే కాలం దగ్గర. మొదటి దశకే నెలలు పట్టవచ్చు. అన్నాళ్లూ డేటా సేకరణ ఆగాలి. మూడేళ్ల ఫెలోషిప్ మీద ఉన్న పీహెచ్‌డీ విద్యార్థికి అది పెద్ద దెబ్బ. ముందే డేటా ఉన్నచోట, అంటే పాత సర్వేలు, జనాభా లెక్కలు వాడేచోట, రచయితలు దాన్ని తొంగిచూశారో లేదో తేల్చడం కష్టం. ఏం దొరుకుతుందో తెలియకుండా వెతికే పరిశోధనకు ఈ అచ్చు సరిపోదు. ఇంకో లోపం పత్రికలదే. ఆమోదించిన ప్రణాళికలు చాలాసార్లు బహిరంగంగా దొరకడం లేదని 2018లో ఒక పరిశీలన చెప్పింది. అలాంటిచోట చివరి పత్రాన్ని దేనితో పోల్చాలో పాఠకుడికి తెలియదు.

ఈ ఇబ్బందుల్లో కొన్నింటికి జవాబుగా చాంబర్స్ తదితరులు 2021లో పత్రికలతో సంబంధం లేని ఒక రివ్యూ వేదికను మొదలుపెట్టారు. అక్కడ ఆమోదం పొందిన పత్రాన్ని, మళ్లీ రివ్యూ లేకుండానే, ఒప్పందం ఉన్న పత్రికల్లో దేనికైనా ఇచ్చుకోవచ్చు. డేటా అప్పటికే ఉందా, ఉంటే రచయితలు ఎంతవరకు చూశారు అన్నదాన్ని 0 నుంచి 6 వరకు స్థాయిలుగా విడగొట్టి పత్రం పక్కనే రాస్తారు. డేటా ఇంకా పుట్టనే లేదంటే 6. సమయం మిగల్చడానికి ఇంకో ఏర్పాటూ ఉంది. రచయితలు పూర్తి ప్రణాళిక రాయకముందే చిన్న నమూనా పంపుతారు. వాళ్లు అసలుది రాస్తున్న వారాల్లో ఎడిటర్ రివ్యూయర్లను వెతికి తేదీలు ఖాయం చేసుకుంటారు. ప్రణాళిక చేరిన రోజుకు చదివేవాళ్లు సిద్ధంగా ఉంటారు.